నికెల్‌కి నాలుగు వేషాలు: కోఆర్డినేషన్ చాప్టర్ ఒక్క కాగితం మీద

(పర్లాకిమిడిలో ప్లస్‌టూ సైన్స్ చదివే తెలుగు పిల్లల కోసం రిటైరైన ఒక కెమిస్ట్రీ లెక్చరర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది. బోర్డు మీద రాసిన ఫార్ములాలు అలాగే ఉంచాం.)

అందరూ కూర్చున్నారా? వెనకాల ఉన్నవాళ్లకి బోర్డు కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకి రండి, మొహమాటం వద్దు. ఇంగ్లీషులో చదువుతారు, బడిలో ఒడియా మాట్లాడతారు, ఇంట్లో తెలుగు. ఇవాళ నేను ఇంటి భాషలోనే చెబుతాను. మాటలు మాత్రం మీ టెక్స్ట్‌బుక్కులో ఉన్నవే వాడతాను, లేకపోతే పరీక్షలో ఇబ్బంది పడతారు.

మొన్న ఒక అబ్బాయి తన నోట్సు తెచ్చి చూపించాడు. కోఆర్డినేషన్ కాంపౌండ్స్ చాప్టర్ మొత్తాన్ని రెండు పేజీల్లోకి కుదించాడు. రాత ముత్యాల్లా ఉంది. ఎర్ర ఇంకుతో అండర్‌లైన్లు కూడా ఉన్నాయి. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "స్ట్రాంగ్ ఫీల్డ్ లిగాండ్ వస్తే ఎలక్ట్రాన్లు జతకడతాయి." సరే బాబూ, అన్నాను. అమోనియా స్ట్రాంగా వీకా? "స్ట్రాంగ్ సార్." అయితే [Ni(NH₃)₆]²⁺లో ఒంటరి ఎలక్ట్రాన్లు ఎన్ని? "సున్నా సార్, డయామాగ్నెటిక్." ఎంత ధైర్యంగా చెప్పాడో! తప్పు. రెండు ఉంటాయి. అది పారామాగ్నెటిక్.

వాడి నోట్సులో రూలు తప్పా? తప్పు కాదు. మరి జవాబు ఎందుకు తప్పింది? రూలు పక్కన "ఎందుకంటే" అని ఒక్క లైను లేదు. అది ఉంటే ఈ రూలు ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో వాడికే తెలిసేది. అందుకే ఇవాళ మనం ఒకే కాగితం తీసుకుందాం. నిలువుగా ఒక గీత గీయండి. ఎడమ పక్క రూలు, కుడి పక్క "ఎందుకంటే". అడ్డంగా మూడు అరలు: బంధం, రంగు, అయస్కాంతత్వం. చాప్టర్లో పేర్లు పెట్టడం, ఐసోమర్లు కూడా ఉన్నాయి, అవి ఇవాళ ముట్టుకోను. వాటికి వేరే కాగితం.

ఉదాహరణకి ఒకే లోహాన్ని పట్టుకుందాం. నికెల్. మన ఒడిశాలోనే సుకింద క్రోమైట్ గనుల్లో పైన తవ్వి పారబోసే మట్టిలో నికెల్ ఉంటుంది, మనకి మరీ పరాయిది కాదు. ఈ నికెల్ నాలుగు వేషాలు కడుతుంది. రాసుకోండి: [NiCl₄]²⁻, [Ni(CN)₄]²⁻, [Ni(NH₃)₆]²⁺, Ni(CO)₄. ఈ నాలుగూ అర్థమైతే ఆ మూడు అరలూ వాటంతట అవే నిండిపోతాయి.

మొదటి పని ఎప్పుడూ ఒకటే. లోహం మీద ఛార్జ్ ఎంత, d ఎలక్ట్రాన్లు ఎన్ని? ఇది చెయ్యకుండా ముందుకి వెళ్లకండి. నికెల్ సంఖ్య 28. మామూలు నికెల్ పరమాణువులో 3d⁸ 4s². Ni²⁺ అయినప్పుడు ఏ రెండు పోతాయి? ఎవరో 3d అన్నారు. కాదమ్మా, 4s లోవి ముందు పోతాయి. అందుకని Ni²⁺ అంటే 3d⁸. d ఆర్బిటాళ్లని గదులు అనుకోండి, ఎలక్ట్రాన్లని మనుషులు అనుకోండి: ఐదు గదులు, ఎనిమిది మంది. మూడు గదుల్లో ఇద్దరేసి, రెండు గదుల్లో ఒక్కొక్కరు. అంటే ఇద్దరు ఒంటరివాళ్లు. ఈ బొమ్మ కాగితం పైన ఒక మూల వేసుకోండి, సాయంత్రం దాకా దీనితోనే పని.

ఇప్పుడు బంధం అర. ముందు వెర్నర్. 1893లో ఆయన చెప్పింది ఏమిటి? లోహానికి రెండు రకాల వేలెన్సీ ఉంటుంది, అందులో రెండోది లిగాండ్లని లోహం చుట్టూ స్థిరమైన దిశల్లో పట్టుకుంటుంది అని. ఒక్క లైను చాలు. కుడి పక్క కారణం కూడా ఒక్క లైనే: CoCl₃·6NH₃ కి సిల్వర్ నైట్రేట్ కలిపితే మూడు క్లోరైడ్లూ తెల్లగా అవక్షేపంగా వస్తాయి. అమోనియా ఐదుంటే రెండే వస్తాయి, నాలుగుంటే ఒకటే. రానివి లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయన్నమాట. వెర్నర్‌కి 1913లో నోబెల్ వచ్చింది. అయిపోయింది, ముందుకి వెళ్దాం.

తర్వాత వేలెన్స్ బాండ్ థియరీ, పౌలింగ్‌ది. లిగాండ్ జత ఎలక్ట్రాన్లు ఇస్తుంది, వాటిని పెట్టుకోడానికి లోహం ఖాళీ గదులు చూపించాలి. నాలుగు లిగాండ్లు వస్తే నాలుగు ఖాళీ గదులు కావాలి. [NiCl₄]²⁻ చూడండి. క్లోరైడ్ 3d వాళ్లని కదపలేదు, కాబట్టి ఖాళీ గదులు పైన 4s లో ఒకటి, 4p లో మూడు. అది sp³, టెట్రాహెడ్రల్. ఇద్దరు ఒంటరివాళ్లు అలాగే ఉంటారు. [Ni(CN)₄]²⁻ లో ఆ ఇద్దరూ ఒకే గదిలోకి సర్దుకుంటారు, ఒక 3d గది ఖాళీ అవుతుంది. అది ఒకటి, 4s ఒకటి, 4p రెండు: dsp². స్క్వేర్ ప్లేనార్. ఒంటరివాళ్లు సున్నా.

బాగానే ఉంది కదా? ఇక్కడ నా మాట ఒకటి రాసుకోండి. ఈ థియరీ ఒక విధంగా దొంగలెక్క. పరీక్షనాళికలో ఉన్న పదార్థం డయామాగ్నెటిక్ అని ముందు తెలుసుకుని, ఆ తర్వాత "అయితే జతకట్టి ఉంటాయి" అంటుంది. సయనైడ్ ఎందుకు జతకట్టిస్తుంది, క్లోరైడ్ ఎందుకు కట్టించదు? ఈ ప్రశ్నకి దాని దగ్గర సమాధానం లేదు. రంగు గురించి అసలు నోరే విప్పదు. కాగితంలో ఈ థియరీ పక్కన "ఆకారం చెబుతుంది, రంగు చెప్పదు" అని రాసుకోండి.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. క్రిస్టల్ ఫీల్డ్ థియరీ, బేతె 1929లో చెప్పింది. రథయాత్రనాడు మన వీధులు గుర్తు తెచ్చుకోండి. రథం నడిచే దారిలో నిలబడ్డవాళ్లకి నలుగుడు. పక్క సందుల్లో నిలబడ్డవాళ్లకి అంత లేదు. ఆరు లిగాండ్లు x, y, z దారుల్లో రెండు వైపుల నించీ వస్తున్నాయనుకోండి. d గదుల్లో రెండు సరిగ్గా ఆ దారుల్లోనే ఉన్నాయి. మిగతా మూడు సందుల్లో ఉన్నాయి. దారిలో ఉన్న రెండింటి శక్తి పెరుగుతుంది, సందుల్లో ఉన్న మూడింటి శక్తి తగ్గుతుంది. పై జంటని e_g అంటాం, కింది ముగ్గురినీ t₂g అంటాం. మధ్య అంతరం Δₒ. అంతే. ఈ చాప్టర్లో సగం సంగతులు ఈ అంతరంలోంచే పుడతాయి.

ఇప్పుడు ఆ అబ్బాయి తప్పు దగ్గరికి వద్దాం. [Ni(NH₃)₆]²⁺, ఆక్టాహెడ్రల్, ఎనిమిది మంది. కింద మూడు గదులు, ఆరుగురితో నిండిపోయాయి. మిగిలిన ఇద్దరు ఎక్కడికి వెళ్లాలి? పైకే. కింద చోటెక్కడుంది? పైన రెండు గదులు ఒకే ఎత్తులో ఉన్నాయి, కాబట్టి చెరొక గదిలో కూర్చుంటారు. ఒంటరివాళ్లు ఇద్దరు. ఇప్పుడు అంతరం పెంచండి. రెట్టింపు చెయ్యండి. ఏమైనా మారిందా? ఏమీ మారలేదు. అంతరం ఎంత పెద్దదైనా కింద ఖాళీ లేదు.

అంటే "స్ట్రాంగ్ ఫీల్డ్ అయితే జతకడతాయి" అన్నది ఎప్పుడు పనికొస్తుంది? ఎలక్ట్రాన్‌కి రెండు దారులు ఉన్నప్పుడు మాత్రమే. పైకి ఎక్కడమా, కింద మరొకడి పక్కన ఇరుక్కోవడమా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు. ఆక్టాహెడ్రల్‌లో అది d⁴ నించి d⁷ దాకానే వస్తుంది. d¹, d², d³ అయితే కింద తలా ఒక గది దొరుకుతుంది, గొడవే లేదు. d⁸, d⁹, d¹⁰ అయితే కింద నిండిపోయింది, ఎంచుకునేదేమీ లేదు. ఎడమ పక్క రూలు: ఆక్టాహెడ్రల్‌లో హై స్పిన్, లో స్పిన్ ప్రశ్న d⁴–d⁷ కే. కుడి పక్క: ఎందుకంటే మిగతా వాటికి ఎంచుకునే అవకాశమే లేదు. ఈ ఒక్క లైను ఉంటే ఆ అబ్బాయి తప్పు చేసేవాడు కాదు.

"మరి సయనైడ్‌తో ఎలా జతకట్టాయి మాస్టారూ?" మంచి ప్రశ్న, నేనే అడుగుదామనుకున్నాను. అక్కడ లిగాండ్లు ఆరు లేవు, నాలుగే. z దారిలో వచ్చే రెండింటినీ తీసెయ్యండి. ఆ దారి ఖాళీ అయింది, ఆ దారిలో ఉన్న గదికి నలుగుడు తగ్గింది, అది కిందికి దిగింది. x, y దారుల్లో ఉన్న గది, దాని పేరు dx²−y², అదొక్కటే నాలుగు లిగాండ్లకీ ఎదురుగా ఉంది. అది బాగా పైకి పోయింది. ఇప్పుడు కింద నాలుగు గదులు, పైన ఒక్కటి. ఎనిమిది మంది నాలుగు గదుల్లో జతలుగా సర్దుకున్నారు. పై గది ఖాళీ. సయనైడ్ వల్ల ఆ అంతరం ఎంత పెద్దదంటే, ఎవరూ పైకి ఎక్కరు. d⁸ కి స్క్వేర్ ప్లేనార్ ఎందుకు ఇష్టమో ఇప్పుడు అర్థమైందా? ఎనిమిది మందికి నాలుగు గదులు సరిగ్గా సరిపోతాయి.

క్లోరైడ్ ఆ పని చెయ్యలేదు. దాని వల్ల వచ్చే అంతరం చిన్నది. జతకట్టడానికి ఖర్చయ్యే శక్తి తిరిగి రాదు. పైగా అవి కాస్త పెద్ద లిగాండ్లు, ఒకదానికొకటి దూరంగా ఉండాలని చూస్తాయి. అందుకని టెట్రాహెడ్రల్. అక్కడ లిగాండ్లు నాలుగే, అవీ ఏ d గదికీ సరిగ్గా ఎదురుగా రావు. అంతరం ఆక్టాహెడ్రల్‌లో దానికి 4/9 వంతు మాత్రమే. టెట్రాహెడ్రల్ కాంప్లెక్స్‌లు దాదాపు అన్నీ హై స్పిన్ అని బుక్కులో ఉంటుంది కదా, కారణం ఇదే.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. "క్లోరైడ్ వీక్, కాబట్టి [PtCl₄]²⁻ కూడా టెట్రాహెడ్రల్" అని రాసేవాళ్లు చాలామంది. ప్లాటినం కూడా d⁸ యే, లిగాండ్ కూడా అదే. కానీ అది స్క్వేర్ ప్లేనార్, డయామాగ్నెటిక్. ఎందుకని? ప్లాటినంలో ఉన్నవి 5d గదులు. అవి బయటికి ఎక్కువ చాచుకుని ఉంటాయి, లిగాండ్ల తాకిడి వాటికి ఎక్కువ. అదే క్లోరైడ్‌తో అక్కడ అంతరం చాలా పెద్దదవుతుంది. కాబట్టి అంతరాన్ని లిగాండ్ ఒక్కటే తేల్చదు, లోహం కూడా తేలుస్తుంది. లోహం మీద ఛార్జ్ పెరిగినా అంతే.

నాలుగో వేషం Ni(CO)₄. ఇక్కడ అందరూ అలవాటు కొద్దీ d⁸ రాస్తారు. ఆగండి. మొదటి పని ఏమిటన్నాం? ఛార్జ్. CO కి ఛార్జ్ లేదు, మొత్తానికీ ఛార్జ్ లేదు, కాబట్టి నికెల్ సున్నా. పది మంది ఎలక్ట్రాన్లు. ఆ పది మందీ 3d లోనే సర్దుకుంటారు, 4s ఖాళీ అవుతుంది: 3d¹⁰. sp³, టెట్రాహెడ్రల్, డయామాగ్నెటిక్. 43 డిగ్రీలకే మరిగిపోయే ద్రవం, ఘోరమైన విషం. మన ల్యాబుల్లో దాని జోలికి ఎవరూ పోరు, పోకూడదు.

మీలో ఎవరికైనా ఒక అనుమానం రావాలి. వచ్చిందా? క్రిస్టల్ ఫీల్డ్ లెక్కలో నలిపేది లిగాండ్ మీద ఉన్న నెగటివ్ ఛార్జే కదా. CO మీద ఛార్జే లేదు. OH⁻ మీద ఉంది. మరి లిగాండ్ల బలాన్ని బట్టి పేర్చిన వరసలో CO చిట్టచివర అందరికంటే బలంగా ఎందుకుంది, OH⁻ నీటి కంటే కూడా వెనక ఎందుకుంది? ఇదీ ఈ థియరీకి ఉన్న హద్దు. ఛార్జ్ లెక్క ఒక్కటే సరిపోదు. CO లోహానికి జత ఇవ్వడమే కాదు, లోహం t₂g లో ఉన్న ఎలక్ట్రాన్లని తన ఖాళీ గదుల్లోకి కొంత తీసుకుంటుంది కూడా. దాంతో t₂g ఇంకా కిందికి దిగుతుంది, అంతరం పెరుగుతుంది. సయనైడ్ కూడా కొంతవరకు ఇదే పని చేస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోట బంధం గట్టిగా ఉంటుంది, మన పెళ్లి సంబంధాల్లాగే అనుకోండి. నవ్వకండి, పరీక్షలో మాత్రం బ్యాక్ బాండింగ్ అని రాయండి.

ఇక రంగు అర. రూలు: కింది గదిలోని ఎలక్ట్రాన్ వెలుగు మింగి పై గదికి వెళుతుంది. మింగిన రంగు పోగా మిగిలింది మన కంటికి కనిపిస్తుంది. అంతరం పెరిగితే మింగే వెలుగు ఎరుపు వైపు నించి ఊదా వైపుకి జరుగుతుంది. ఎందుకంటే ఎక్కువ ఎత్తు ఎక్కడానికి ఎక్కువ శక్తి కావాలి.

ఇది ల్యాబులో చూడొచ్చు. నికెల్ సల్ఫేట్ నీళ్లు తీసుకోండి, ఆకుపచ్చగా ఉంటాయి. అవి [Ni(H₂O)₆]²⁺. చుక్క చుక్కగా అమోనియా వెయ్యండి. ముందు లేత ఆకుపచ్చ అవక్షేపం వస్తుంది, అది నికెల్ హైడ్రాక్సైడ్. అక్కడ ఆగిపోయి "రంగు మారలేదు సార్" అంటారు కొందరు. ఆగకండి, ఇంకా వెయ్యండి. అవక్షేపం కరిగిపోయి నీలం, కాస్త ఊదా కలిసిన నీలం వస్తుంది. లోహం అదే, d ఎలక్ట్రాన్లు అవే, ఒంటరివాళ్లు అదే ఇద్దరు. మారింది అంతరం ఒక్కటే.

ఇక్కడ బుక్కు కాస్త తేలికగా దాటేసే సంగతి ఒకటి చెబుతాను, ఎవరైనా లోతుగా అడిగితే తడబడకుండా. నీటి కాంప్లెక్స్‌లో Δₒ సుమారు 8,500 cm⁻¹. తిప్పి లెక్కపెడితే దాదాపు 1,180 నానోమీటర్లు. అది కంటికి కనిపించే వెలుగేనా? కాదు, ఇన్‌ఫ్రారెడ్. మరి ఆకుపచ్చ ఎక్కడి నించి వచ్చింది? ఎనిమిది మంది ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కాబట్టి ఒక మెట్టు కాదు, మూడు మెట్లు ఉంటాయి. రెండోది ఎరుపు దగ్గర మింగుతుంది, మూడోది ఊదా చివర మింగుతుంది. రెండు చివర్లూ పోతే మధ్యలో మిగిలింది ఆకుపచ్చ. అమోనియా వచ్చేసరికి మెట్లన్నీ పెరిగి, రెండోది పసుపు దగ్గరికి, సుమారు 570 నానోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. పసుపు పోతే మిగిలేది నీలం, ఊదా. "ఒకే అంతరం, ఒకే రంగు" అన్న లెక్క సరిగ్గా కుదిరేది ఒకే d ఎలక్ట్రాన్ ఉన్న [Ti(H₂O)₆]³⁺ లాంటి వాటికి. అది 500 నానోమీటర్ల దగ్గర మింగి ఊదాగా కనిపిస్తుంది. అందుకే ప్రతి బుక్కులోనూ టైటానియం ఉదాహరణే ఉంటుంది, ఊరికే కాదు.

రంగు అరలో ఇంకొకటి. d¹⁰ అయితే రంగు ఉండదు, ఎందుకంటే పైన ఖాళీ లేదు. జింక్ లవణాలు తెల్లగా ఉండేది అందుకే, Ni(CO)₄ కి రంగు లేనిది కూడా అందుకే. d⁰ అయినా అంతే, ఎక్కడానికి ఎవరూ లేరు. మరి పొటాషియం పర్మాంగనేట్? మాంగనీస్ +7, d⁰, అయినా బకెట్టులో చిటికెడు వేస్తే నీళ్లన్నీ గులాబీ అవుతాయి. అక్కడ ఎలక్ట్రాన్ మెట్టెక్కడం లేదు, ఆక్సిజన్ నించి మాంగనీస్‌కి దూకుతోంది. చార్జ్ ట్రాన్స్‌ఫర్. అది వేరే రకం రంగు, మామూలుగా చాలా ఘాటుగా ఉంటుంది.

అయస్కాంతత్వం గురించి చెప్పడానికి పెద్దగా మిగల్లేదు, సగం ఇప్పటికే అయిపోయింది. ఒంటరివాళ్లు n అయితే μ = √[n(n+2)]. n రెండు అనుకోండి, రెండూ నాలుగూ హెచ్చిస్తే ఎనిమిది, వర్గమూలం 2.83. ఒకటికి 1.73, మూడుకి 3.87, నాలుగుకి 4.90, ఐదుకి 5.92. గమనించారా? జవాబు ఎప్పుడూ n కంటే కాస్త ఎక్కువ, n+1 కంటే తక్కువ. పరీక్షలో లెక్క చేశాక ఇలా సరిచూసుకోండి. తిరగేసి కూడా వాడొచ్చు: 4.9 అని ఇచ్చాడంటే ఒంటరివాళ్లు నలుగురు.

ల్యాబులో దీన్ని ఎలా కొలుస్తారు? నమూనాని తక్కెడకి వేలాడదీసి, కింద అయస్కాంతం పెడతారు. పారామాగ్నెటిక్ అయితే లోపలికి లాగబడి బరువు పెరిగినట్టు చూపిస్తుంది. డయామాగ్నెటిక్ అయితే కొంచెం తేలికైనట్టు. ఆక్టాహెడ్రల్ నికెల్‌కి సరిగ్గా 2.83 రాదు, కాస్త ఎక్కువే వస్తుంది, 2.9 నించి 3.3 దాకా. టెట్రాహెడ్రల్‌కి ఇంకా ఎక్కువ. ఎందుకంటే మన ఫార్ములా ఎలక్ట్రాన్ తన చుట్టూ తాను తిరగడం ఒక్కటే లెక్కపెడుతుంది, న్యూక్లియస్ చుట్టూ తిరిగే వాటాని వదిలేస్తుంది.

ఏమ్మా, చెయ్యెత్తావు? గట్టిగా అడుగు, అందరికీ వినిపించాలి.

సాల్ట్ ఎనాలసిస్‌లో డైమిథైల్ గ్లయాక్సిమ్ వేస్తే నికెల్‌కి ఎర్ర అవక్షేపం వస్తుంది కదా, అది ఈ నాలుగు వేషాల్లో ఏది అని అడుగుతోంది. చాలా బాగా అడిగావమ్మా. ముందు ఒక చిన్న మాట: అమోనియా వెయ్యకుండా అది వేసి "రాలేదు సార్" అంటారు చూశారా, ఆసిడ్‌లో అది రాదు. డైమిథైల్ గ్లయాక్సిమ్ ఒక హైడ్రోజన్ వదిలితేనే నికెల్‌ని పట్టుకుంటుంది, ఆసిడ్ దాన్ని వదలనివ్వదు. ఇప్పుడు నీ ప్రశ్న. నికెల్ ఛార్జ్ ఎంత? +2. d ఎన్ని? ఎనిమిది. రెండు లిగాండ్లు, ఒక్కొక్కటీ రెండు నైట్రోజన్లతో పట్టుకుంటుంది, మొత్తం నాలుగు చేతులు. నాలుగూ ఒకే తలంలో ఉన్నాయి. అయితే ఒంటరివాళ్లు ఎంతమంది? చెప్పు. నువ్వే చెప్పు, మొత్తం నీకే తెలుసు ఇప్పుడు.

సున్నా! అంతే. అది సయనైడ్ వేషమే, చొక్కా మాత్రం ఎరుపు.